5వ అంతస్తులో పీఆర్‌వీ 2 కిలోలకి సెట్ చేశాం, మొదటి అంతస్తులో మాత్రం 3.2 చూపిస్తోంది

తోటపాలెం కార్యదర్శి
మాది విజయనగరం తోటపాలెంలో స్టిల్ట్ మీద 10 అంతస్తుల అపార్ట్‌మెంట్. టెర్రస్ మీద ట్యాంకు, అక్కడి నుంచి డౌన్‌టేక్ లైన్లు. ఒకటి నుంచి నాలుగు అంతస్తులకి నీళ్లిచ్చే లైను మీద 5వ అంతస్తు షాఫ్ట్‌లో బిల్డర్ ప్రెషర్ రెడ్యూసింగ్ వాల్వ్, అదే పీఆర్‌వీ, పెట్టాడు. దానికి ముందొక బాల్ వాల్వ్, వెనకొక బాల్ వాల్వ్, పక్క నుంచి బైపాస్, వాల్వ్ దాటాక ఒక గేజ్ ఉన్నాయి. నీళ్లు వచ్చే వైపు గేజ్ లేదు.

సిరిమాను పండగకి అందరిళ్లకీ చుట్టాలొస్తారని వారం ముందే ట్యాంకులు కడిగించాం. పండగైన మర్నాడు రాత్రి రెండింటికి 101లో హెల్త్ ఫాసెట్ పైపు పగిలింది. తెల్లారేసరికి హాల్లోకి నీళ్లొచ్చేశాయి, మంచం కింద పెట్టిన బియ్యం బస్తా కూడా తడిసిపోయింది. పీఆర్‌వీ పాడైందేమోనని మరుసటి రోజే ప్లంబర్ని పిలిపించాం. లోయర్ ఫ్లోర్లకి 2 కిలోలుండాలని చెప్పి 2కి తిప్పాడు. గేజ్ సరిగ్గా 2 చూపిస్తోంది. తీరా 101 వాషింగ్ మెషీన్ కుళాయికి అడాప్టర్ పెట్టి గేజ్ బిగిస్తే 3.2! రెండు గేజులూ ఒకదాని స్థానంలో ఒకటి పెట్టి చూశాం, అదే లెక్క. ఇదెలా సాధ్యం? వాల్వ్ మార్చేయాలా?

సైటు సూపర్‌వైజర్
వాల్వ్ మార్చడం దేనికండీ, డబ్బు దండగ. పీఆర్‌వీకి ముందున్న బాల్ వాల్వ్ సగం మూయండి. నేను చేసిన సైట్లలో అలాగే చేసేవాళ్లం. కుళాయిలో ధార తగ్గిపోతుంది, ఎవరూ కంప్లైంట్ చేయరు.

పదో అంతస్తు
మాకూ ఇదే సమస్యండీ. గీజర్ వేస్తే షవర్లో నీళ్లు సన్నగా దారంలా వస్తాయి. ఈ పీఆర్‌వీ మాకు కూడా పెడితే ప్రెషర్ వస్తుందా? ఎంతవుతుంది?

పాత ఏఈ
పదో అంతస్తు గారూ, మీది దీనికి తలకిందుల సమస్య. ట్యాంకు మీ నెత్తి మీదే ఉంది కాబట్టి మీకు నీటి ఎత్తు చాలడం లేదు. ఈ వాల్వ్ ఉన్న ప్రెషర్ తగ్గిస్తుందే గానీ లేనిది తేలేదు. మీకు కావలసింది చిన్న బూస్టర్ పంపు. దానికి వేరే చర్చ మొదలుపెట్టండి, అక్కడ చెప్తాను.

ఇక కార్యదర్శి గారూ, వాల్వ్ మార్చకండి. ముందు ఒక్క లెక్క చూడండి. 10 మీటర్ల నీటి నిలువుకి ఒక కిలో ప్రెషర్. అంతస్తు 3 మీటర్లనుకుంటే, మొదటి అంతస్తు నేల నుంచి టెర్రస్ 30 మీటర్లు. ట్యాంకు అడుగు టెర్రస్ మీద ఓ 2 మీటర్ల ఎత్తున ఉండి, అందులో మీటరున్నర నీళ్లుంటే మొత్తం 33.5. కుళాయి నేలకి మీటరు ఎత్తున ఉంటుంది కాబట్టి మిగిలేది 32.5 మీటర్లు. అంటే సుమారు 3.2 కిలోలు. మీ గేజ్ అబద్ధం చెప్పడం లేదు, 101కి ట్యాంకు పూర్తి బరువు వచ్చేస్తోంది.

ఇప్పుడు 5వ అంతస్తు షాఫ్ట్‌లో నిలబడి ఇదే లెక్క వేయండి. అది మొదటి అంతస్తు కంటే 12 మీటర్లు పైన. అక్కడికొచ్చే ప్రెషరే 2 కిలోలు, ఆపైన కొంచెం. వచ్చేది 2, మీరు పెట్టింది 2. ఇక వాల్వ్ తగ్గించడానికేముంది? పూర్తిగా తెరుచుకుని కూర్చుంది. దాని కింద ఉన్న 12 మీటర్ల నిలువు మరో 1.2 కలుపుతుంది, అదే మీ 3.2.

"లోయర్ ఫ్లోర్లకి 2 కిలోలు" అన్న మాట తప్పు కాదు. అది కుళాయి దగ్గర ఉండాల్సిన ప్రెషర్, మీ ప్లంబర్ దాన్ని వాల్వ్ దగ్గర పెట్టాడు. 101లో 2.2 కావాలంటే, మధ్యలో కలిసే 1.2 తీసేసి 5వ అంతస్తు గేజ్ మీద 1 పెట్టాలి. అప్పుడు నాలుగో అంతస్తు కుళాయికి 1.3 వస్తుంది.

పైపుల మేస్త్రి
ఏఈ గారి లెక్క కరెక్ట్. సూపర్‌వైజర్ గారు చెప్పిన సగం మూయడం మాత్రం చేయకండి. నేనూ కొత్తలో అలాగే చేసేవాణ్ణి. నీళ్లు పారేటప్పుడే ఆ అడ్డు పని చేస్తుంది. రాత్రి అందరూ కుళాయిలు కట్టేశాక పారకం ఉండదు, అప్పుడు సగం మూసిన వాల్వ్ ఉన్నా లేనట్టే. కింద ఫుల్ ప్రెషర్ కూర్చుంటుంది. పైపులు రాత్రి రెండింటికి పగిలేది అందుకే. పైగా బాల్ వాల్వ్ సగంలో ఉంచితే దాని లోపలి రింగు కోసుకుపోతుంది, ఆ తర్వాత అవసరానికి మూసినా పూర్తిగా మూసుకోదు.

సైటు సూపర్‌వైజర్
మేస్త్రి చెప్పింది రాత్రి సంగతి వరకు ఒప్పుకుంటాను. పగలు మాత్రం ధార తగ్గడం నిజమే కదా.

పైపుల మేస్త్రి
పగలు తగ్గుతుందండీ, కాదనను. వాళ్ల పైపు పగిలింది రాత్రి.

సెట్టింగు ఎలా చేయాలో చెప్తాను, కార్యదర్శి గారూ. ముందు బైపాస్ పూర్తిగా మూసి ఉందో లేదో చూసుకోండి. 101లో ఒక కుళాయి సన్నగా వదిలిపెట్టించండి. పీఆర్‌వీ నెత్తి మీద ఉన్న చెక్‌నట్టు వదులు చేసి, మరను వదులు వైపు తిప్పుతూ రండి, గేజ్ ముల్లు దిగుతుంది. 1 కంటే కొంచెం కిందికి దిగాక బిగింపు వైపు నెమ్మదిగా, పావు తిప్పు చొప్పున ఎక్కించండి. తర్వాత 101లో కుళాయి కట్టించి రెండు నిమిషాలు ఆగండి. కుళాయి కట్టగానే ముల్లు కొంచెం పైకెళ్లి ఆగుతుంది. మనం చూడాల్సింది అది ఆగిన చోటు. ఆగాక చెక్‌నట్టు బిగించేయండి.

కుళాయి ఎందుకు వదలమన్నానంటే, కింద అన్నీ కట్టేసి ఉంటే మర ఎంత వదులు చేసినా ముల్లు దిగదు. కింద చిక్కుకున్న ప్రెషర్‌కి బయటికి దారి ఉండదు కదా. అది తెలియక వాల్వ్ పోయిందనుకుని విప్పేసేవాళ్లు చాలామంది.

పీఎన్ కాలనీ ఇంటాయన
శ్రీకాకుళం నుంచి రాస్తున్నాను. మాది స్టిల్ట్ మీద 7 అంతస్తులు. మా దగ్గర పీఆర్‌వీ టెర్రస్ మీదే, ట్యాంకు కింద లైను మొదట్లో పెట్టారు. షాఫ్ట్‌లో చోటు లేదన్నారు. పెట్టి రెండేళ్లయింది, ఏ తేడా లేదు. ఎంత తిప్పినా రెండో అంతస్తులో కుళాయి కొట్టుకుంటూనే ఉంది. ఏఈ గారి లెక్క చదివాక అనుమానం వచ్చింది, మాది పెట్టిన చోటే తప్పంటారా?

పాత ఏఈ
అవునండీ, చోటే తప్పు. టెర్రస్ మీద ట్యాంకు అడుగున వాల్వ్‌కి వచ్చేదే పావు కిలో, అర కిలో. మామూలుగా బజార్లో దొరికే పీఆర్‌వీలు చాలావరకు సుమారు 1 కిలో నుంచి పైకే సెట్ అవుతాయి. అంత తక్కువ ప్రెషర్‌కి అది కదలదు, ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ప్రెషర్ పుట్టేది దాని కిందున్న నిలువులో, దాన్ని టెర్రస్ మీద నుంచి తగ్గించలేం. కింద ఏ అంతస్తులో తగ్గాలో దానికి కొంచెం పైన పెట్టాలి, లేదా ఒక్కో ఫ్లాట్ మొదట్లో చిన్న పీఆర్‌వీ పెట్టాలి. మీ బిల్డింగుకి రెండోదే సులువేమో.

తోటపాలెం కార్యదర్శి
ఈ సాయంత్రం మేస్త్రి చెప్పినట్టే చేశాం. కుళాయి వదలగానే ముల్లు దిగింది. 1 దగ్గర ఆపాం, కట్టాక 1.1కి వెళ్లి ఆగింది. 101లో 2.3. చాలా సంతోషం, అందరికీ ధన్యవాదాలు.

తోటపాలెం కార్యదర్శి
మళ్లీ వచ్చాను. రాత్రి 11కి 1.1 ఉంది. పొద్దున్న నాలుగున్నరకి వాచ్‌మన్ ఫోటో తీసి పంపితే 2 ఉంది. ఎవరూ మర ముట్టుకోలేదు, చెక్‌నట్టు బిగించే ఉంది. పొద్దున్న ఆరింటికి అందరూ నీళ్లు వాడుతుంటే మళ్లీ 1కి దిగింది. నిన్న రాత్రి కూడా ఇంతే.

పైపుల మేస్త్రి
ఇప్పుడు బయటపడింది అసలు జబ్బు. వాడుతున్నప్పుడు సరిగ్గా ఉండి, వాడకం ఆగాక గంటల మీద మెల్లగా పైకి పాకుతోందంటే లోపల వాషర్ కూర్చునే సీటు పూర్తిగా మూసుకోవడం లేదు. బొట్టు బొట్టుగా దాటుతోంది. ట్యాంకులు కడిగించిన వారానికే పైపు పగిలిందన్నారు కదా, అడుగు మట్టి కదిలి లైన్లోకి వచ్చుంటుంది.

పాత ఏఈ
సీటే అయ్యుండొచ్చు, బైపాస్ కూడా అయ్యుండొచ్చు. బైపాస్ వాల్వ్ కొంచెం కారినా గేజ్ ఇలాగే కనిపిస్తుంది. విప్పే ముందు రెండూ విడదీసి చూడండి. మీ గేజ్ పీఆర్‌వీకీ దాని వెనక బాల్ వాల్వ్‌కీ మధ్యలో ఉందా?

తోటపాలెం కార్యదర్శి
అవునండీ, మధ్యలోనే. బైపాస్ ఆ బాల్ వాల్వ్ దాటాక కలుస్తుంది.

పాత ఏఈ
అయితే చాలా తేలిక. రాత్రి 11 దాటాక, గేజ్ 1.1 చూపిస్తున్నప్పుడు వెనక బాల్ వాల్వ్ మూసేయండి. ఇప్పుడు గేజ్ ముందున్నది పీఆర్‌వీ, జానెడు పైపు, అంతే. సీటు కారుతుంటే ఆ చిన్న చోటు నిండడానికి గంటలు అక్కర్లేదు, నిమిషాల్లో ముల్లు 2కి లేస్తుంది. కదలకుండా అక్కడే ఉంటే పీఆర్‌వీ మంచిదే, తప్పు బైపాస్‌ది గానీ ఇంకెక్కడిదో గానీ. చూడటం అయ్యాక వాల్వ్ తెరవడం మాత్రం మర్చిపోకండి, పొద్దున్న నాలుగు అంతస్తులకి నీళ్లుండవు.

తోటపాలెం కార్యదర్శి
మూశాను. నేనే ఫోను టార్చి పట్టుకుని నిలబడి చూశాను. మూడు నిమిషాల్లో 1.1 నుంచి 2. సీటే.

ఇవాళ మధ్యాహ్నం మన మేస్త్రిగారే బొబ్బిలి నుంచి వచ్చి విప్పారు. ముందు స్ట్రైనర్ తీశారు. జాలీ నిండా బూడిద రంగు బురద, దాన్ని కడిగి వెలుతురుకి పెడితే ఒక మూల చిరిగి ఉంది, చిటికెన వేలి కొన దూరేంత. ఆ చిరుగులోంచే వెళ్లినట్టుంది, లోపల సీటుకీ రబ్బరు వాషర్‌కీ మధ్యన ఒక సిమెంటు పెచ్చు ఇరుక్కుని ఉంది. కందిపప్పు బద్ద అంతే ఉంటుంది. దానికి తెల్లటి టెఫ్లాన్ టేపు పోగు ఒకటి చుట్టుకుని ఉంది. వాషర్ మీద ఆ పెచ్చు కూర్చున్న చోట నొక్కు పడింది, వేలితో తడిమితే తెలుస్తోంది. సీటు ఇత్తడి మీద మాత్రం గీత లేదు.

పైపుల మేస్త్రి
వాషర్ తిరగేసి వేశాను, వెనకవైపు నున్నగా ఉంది. కొత్త జాలీ పెట్టాం. బిగించే ముందు స్ట్రైనర్ మూత తీసే ఉంచి లైను ఒక నిమిషం వదిలేశాను, మిగిలిన చెత్త వెళ్లిపోవాలని.

పాత ఏఈ
బాబూ, తిరగేసిన వాషర్ కొన్నాళ్లు నడుస్తుంది, కానీ ఆ కంపెనీ రిపేరు కిట్టు తెప్పించి వేయించండి. నొక్కు పడిన రబ్బరు వెనకవైపు కూడా గట్టిపడి ఉంటుంది.

పైపుల మేస్త్రి
మంచి రబ్బరైతే తిరగేసినది రెండేళ్లు వస్తుంది సార్, నేను చూశాను. కిట్టు దొరికితే వేస్తాను, వైజాగ్‌లో అడిగాను.

తోటపాలెం కార్యదర్శి
రాత్రంతా గేజ్ 1.1 మీదే ఉంది. నాలుగున్నర ఫోటోలో కూడా 1.1. కానీ అయిదుంపావుకి 2! సరిగ్గా ముప్పావుగంట తేడాలో. మరో రోజు చూసినా అంతే. ఇంతకు ముందు మెల్లగా పాకేది, ఇప్పుడు ఒక్కసారిగా లేస్తోంది. వాషర్ తిరగేయడం వల్లనా?

మొదటి అంతస్తు
నేను 101లో ఉంటాను. కార్యదర్శి గారు ఈ చర్చ లింకు పంపితే మొత్తం చదివాను. గేజులూ వాషర్లూ నాకు తెలియవు గానీ ఒక మాట చెప్పొచ్చా? ఈ మూడు రోజులుగా పొద్దున్న వంటింట్లో చల్లనీళ్ల కుళాయి తిప్పితే గోరువెచ్చగా వస్తున్నాయి. మా వంటింటికి గీజరు లేదు, సోలార్ లైను కూడా లేదు. అత్తయ్యగారు బియ్యం కడుగుతూ "ఇదేటమ్మా, నీళ్లు కాగినట్టున్నాయి" అన్నారు. ఎండకి పైపు వేడెక్కిందనుకుందామంటే అప్పటికి తెల్లారనే లేదు. దీనికీ దానికీ సంబంధం ఉందా?

పాత ఏఈ
ఉందమ్మా. మొత్తం కథ మీరే తేల్చేశారు. కార్యదర్శి గారూ, సోలార్ వేడినీళ్ల మెయిన్ వాల్వ్ ఎప్పుడు తెరుస్తారు?

తోటపాలెం కార్యదర్శి
టెర్రస్ మీద వాచ్‌మన్ పొద్దున్న 5కి తెరిచి 9కి మూస్తాడు. లేకపోతే పగలంతా వేడినీళ్లు వృథా చేస్తున్నారని కమిటీలో అలా పెట్టుకున్నాం.

పాత ఏఈ
అదే. సోలార్ లైను మీద పీఆర్‌వీ ఉందా? ఉండదు, చాలా బిల్డింగుల్లో పెట్టరు. ఇప్పుడు చల్లనీళ్ల పైపులో 101 దగ్గర 2.3 ఉంది, పక్కనే వేడినీళ్ల పైపులో 3.2 ఉంది. రెండూ కలిసే చోటు బాత్రూం మిక్సర్. ఎవరో ఒక ఫ్లాట్‌లో మిక్సర్ రెండు పిడులూ తెరిచి ఉంచి, నీళ్లు ఆపడం మాత్రం హ్యాండ్ షవర్ చివర ఉన్న బటన్‌తో ఆపుతున్నారు. చివర మూసి ఉండి లోపల దారి తెరిచి ఉంటే, ఎక్కువ ప్రెషర్ ఉన్న వేడినీళ్లు మిక్సర్లోంచి చల్లనీళ్ల పైపులోకి వెనక్కి నడుస్తాయి. అయిదింటికి వేడినీళ్ల వాల్వ్ తెరవగానే మీ ముల్లు లేస్తుంది. తన వెనక ప్రెషర్ ఎక్కువుందని పీఆర్‌వీ మూసుకుంటుంది, ఇక కింది కుళాయికి వచ్చేవి ఆ దారిన వచ్చిన గోరువెచ్చని నీళ్లే.

ఇన్నాళ్లూ ఇది ఎందుకు బయటపడలేదంటే, రెండు పైపుల్లోనూ 3.2 ఉండేది. సమానంగా ఉన్నప్పుడు ఎటూ నడవవు. పీఆర్‌వీ సరిగ్గా పని చేయడం మొదలుపెట్టాకే తేడా పుట్టింది.

రుజువు చేయడం తేలిక. రేపు ఒక్కరోజు సోలార్ వాల్వ్ ఆరింటికి తెరవమనండి. ముల్లు కూడా ఆరింటికి లేస్తే ఇక అనుమానం లేదు.

సైటు సూపర్‌వైజర్
ఇది నాకు తెలియదు. నేను కట్టిన రెండు బిల్డింగుల్లో ఇదే తీరు, చల్లనీళ్లకే పీఆర్‌వీ. రేపే వెళ్లి చూస్తాను.

తోటపాలెం కార్యదర్శి
ఆరింటికి తెరిచాం, ఆరూ రెండుకి లేచింది. నిలువు వరసలో 101 మీద ఉన్న మూడు ఫ్లాట్లూ ఎక్కాను. 201, 401 బాగానే ఉన్నాయి. 301లో పాత షవర్ తీసేసి బటన్ ఉన్న హ్యాండ్ షవర్ పెట్టుకున్నారు. మిక్సర్ పిడులు రెండూ తెరిచే ఉన్నాయి, ప్రతిసారీ వేడి సరిచూసుకోవడం కష్టమని అలా వదిలేశారట. మిక్సర్ కింద చల్లనీళ్ల పైపు పట్టుకుంటే చేతికి వెచ్చగా తగిలింది. పిడులు కట్టించగానే 101లో కుళాయి ఒక నిమిషం వదిలాం, గేజ్ 1.1కి దిగి నిలబడింది.

ఇప్పుడు రెండు ప్రశ్నలు. ప్రతి ఫ్లాట్‌నీ పిడులు కట్టమని ఎన్నాళ్లు బతిమాలగలం? రెండోది, నాలుగో అంతస్తు వాళ్లు పొద్దున్నపూట షవర్ బలహీనంగా ఉందంటున్నారు.

పైపుల మేస్త్రి
301 మిక్సర్‌కి వేడి వైపూ చల్ల వైపూ చిన్న ఎన్ఆర్‌వీలు వేస్తే నీళ్లు వెనక్కి నడవవు. ఖర్చు తక్కువ, అరపూట పని. హ్యాండ్ షవర్ పెట్టుకున్న ప్రతి ఇంటికీ వేయించండి.

పాత ఏఈ
అది పని చేస్తుంది, కానీ రేపు ఇంకో ఇంట్లో ఎవరో షవర్ మారుస్తారు. నా ఓటు వేడినీళ్ల లైను మీద కూడా 5వ అంతస్తులోనే పీఆర్‌వీ పెట్టి, రెండిటినీ 1.1 మీద ఉంచడానికే. వేడినీళ్లకి పనికొచ్చే రబ్బరు ఉన్నదే తీసుకోవాలి, చల్లనీళ్లది పెడితే లోపలి వాషర్ త్వరగా చెడిపోతుంది. రెండు పైపుల్లో ప్రెషర్ సమానమైతే మిక్సర్లో వేడి కూడా నిలకడగా ఉంటుంది.

నాలుగో అంతస్తు సంగతి: అందరూ ఒకేసారి వాడేటప్పుడు పీఆర్‌వీ వెనక ప్రెషర్ సెట్ చేసిన దానికంటే కొంత దిగడం సహజం. వాళ్ల 1.3లో అది తెలుస్తుంది. 5వ అంతస్తు గేజ్ 1.3కి పెంచితే 101లో 2.5 అవుతుంది, అదేమీ ప్రమాదం కాదు. లేదా నాలుగో అంతస్తుని ఈ లైనులోంచి తీసి పై లైనుకి కలపండి, వాళ్లకి 2.3 వస్తుంది. ఏదైనా చేసే ముందు కొత్త జాలీ ఒకసారి విప్పి చూడండి, ఇంత బురద వచ్చిన లైనులో అది మళ్లీ మూసుకుని ఉండొచ్చు. వాడకం లేనప్పుడు గేజ్ బాగుండి, రెండు కుళాయిలు తిప్పగానే ముల్లు పడిపోతే అది జాలీయే.

మొదటి అంతస్తు
2.5 పెడితే మా హెల్త్ ఫాసెట్ పైపు తట్టుకుంటుందా ఏఈ గారూ? కొత్తది వేయించాం గానీ రాత్రుళ్లు చప్పుడైతే లేచి కూర్చుంటున్నాను.

పాత ఏఈ
మంచి పైపైతే తట్టుకుంటుందమ్మా. అయినా బాత్రూంలోని యాంగిల్ వాల్వ్ రాత్రి కట్టేసి పడుకోండి. ఆ వాల్వ్ కట్టేసి ఫాసెట్ ఒకసారి నొక్కి వదిలితే ఆ పైపు మీద ప్రెషరే ఉండదు.

పీఎన్ కాలనీ ఇంటాయన
మా టెర్రస్ పీఆర్‌వీ తీసి మూడో అంతస్తు షాఫ్ట్‌లో పెట్టమని అడిగాను. గోడ పగలగొట్టాలంటున్నారు. ఫ్లాట్‌కొకటి పెట్టుకున్నవాళ్లెవరైనా ఉంటే వాటి స్ట్రైనర్లు ఎన్నాళ్లకోసారి కడుక్కుంటున్నారో చెప్పండి. 14 ఫ్లాట్లలో అందరూ కడుక్కుంటారని నాకు నమ్మకం లేదు.

తోటపాలెం కార్యదర్శి
జాలీ విప్పాం. నాలుగు రోజులకే సగం మూసుకుంది, ఇసుక, తుప్పు పొడి. కడిగి పెట్టాక నాలుగో అంతస్తు వాళ్లు పరవాలేదన్నారు, కాబట్టి ప్రస్తుతానికి మర 1.1 మీదే వదిలేశాం. నెల్లాళ్ల పాటు ప్రతి ఆదివారం విప్పి కడగమని వాచ్‌మన్‌కి చూపించాను. 301కి ఎన్ఆర్‌వీలు ఎల్లుండి వేస్తున్నారు. వేడినీళ్ల పీఆర్‌వీ ఖర్చు కమిటీలో పెట్టాలి, పై ఆరు అంతస్తుల వాళ్లు తమకి సంబంధం లేదంటున్నారు. ఆదివారం మీటింగు.